జాబితాలో దాగిన వరుస

1940 ఏప్రిల్ 1 అమెరికా జనాభా లెక్కల తేదీ. అప్పటికి ఆ దేశంలో 13 కోట్లకు పైగా జనం ఉన్నారు. ఎన్యూమరేటర్లు చేత పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన కాగితం చాలా పెద్దది. దానికి ఒక్కో వైపు 40 గీతలు, గీతకు ఒక మనిషి. పేరు, వయసు, చదువు, పని వంటివి అందరినీ అడగాలి. జనగణన శాఖ తెలుసుకోవాలనుకున్నవి ఇంకా ఉన్నాయి. అమ్మానాన్నలు ఎక్కడ పుట్టారు, చిన్నప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు, మామూలుగా చేసే వృత్తి ఏది, ఆడవాళ్లయితే ఏ వయసులో పెళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు. ఇవన్నీ 13 కోట్ల మందినీ అడిగితే ఖర్చూ కాలమూ తట్టుకోలేనంత అవుతాయి. అందుకని ఆ దేశ జనగణనలో మొదటిసారిగా నమూనా పద్ధతిని వాడారు. అదనపు ప్రశ్నలు నూటికి ఐదుగురిని, అంటే ఇరవై మందిలో ఒకరిని అడిగితే చాలనుకున్నారు.

ఆ ఒక్కరు ఎవరన్నది ఎన్యూమరేటరుకు వదిలేస్తే లాభం లేదు. పలకరించగానే కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లను, ఆ పూట ఇంట్లో ఉన్నవాళ్లను ఎంచుకుంటాడు. అందుకే ఆ ఎంపికను కాగితం మీదే ముందుగా అచ్చువేశారు. ప్రతి 40 గీతల్లోనూ రెండింటిని నమూనా గీతలుగా గుర్తించారు. ఆ గీత మీద ఎవరి పేరు పడితే వాళ్లకు అదనపు ప్రశ్నలు. నలభైలో రెండంటే ఇరవైలో ఒకటి, లెక్క సరిపోయింది.

అయితే ఏ రెండు గీతలు? చూడటానికి చిన్న ప్రశ్న. శాఖలో పనిచేస్తున్న ఫ్రెడరిక్ స్టీఫెన్, ఎడ్వర్డ్స్ డెమింగ్, మోరిస్ హాన్సెన్ అనే గణాంకవేత్తలు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. వాళ్లను ఆపిన ఇబ్బంది అర్థం కావాలంటే, ముందు ఈ ఎంపిక పద్ధతి ఎలా నడుస్తుందో చూడాలి.

ఒక్క చీటీతో మొత్తం ఎంపిక

దీన్ని సిస్టమాటిక్ శాంప్లింగ్ అంటారు, తెలుగులో క్రమబద్ధ నమూనా. 600 పేర్ల జాబితా ఉంది, అందులో 60 మందిని కలవాలి. 600ను 60తో భాగిస్తే 10 వస్తుంది. ఒకటి నుంచి పది దాకా చీటీలు రాసి ఒకటి తీస్తారు. 7 వచ్చిందనుకుందాం. జాబితాలో 7వ పేరు, తర్వాత 17, 27, 37, అలా 597 దాకా. అంతే, ఎంపిక ముగిసింది. చీటీ తీసి మొదలుపెట్టే చోటును యాదృచ్ఛిక ఆరంభం అనీ, పేరుకూ పేరుకూ మధ్య ఉన్న పదిని అంతరం అనీ అంటారు.

ఈ పద్ధతి ఇంతగా వాడుకలో ఉండటానికి గట్టి కారణాలే ఉన్నాయి. 60 చీటీలు తీయనక్కర్లేదు, ఒకటి చాలు. ఊళ్లో తిరిగే మనిషి పొరపాటు పడే అవకాశం తక్కువ, పడినా పైఅధికారి ఇట్టే పట్టుకోగలడు. అన్నిటికంటే ముఖ్యంగా, జాబితా వీధుల వారీగా ఉంటే నమూనా అన్ని వీధుల్లోకీ దానంతటదే పరుచుకుంటుంది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా చివరి అంచెలో ఇదే చేస్తుంది. 2019-21లో జరిగిన ఐదో విడతలో, ఎంపికైన ఊళ్లో లేదా పట్టణ బ్లాకులో ముందుగా ఇళ్లన్నిటి జాబితా రాసి, దాన్నుంచి ఈ పద్ధతిలో 22 ఇళ్లను తీసుకున్నారు.

చీటీ తీస్తున్నారు కాబట్టి ఇది న్యాయమైనదే. పది చీటీల్లో ఏదైనా రావచ్చు కాబట్టి, 600 మందిలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం పదింట ఒకటి. ఇక్కడిదాకా పేచీ లేదు.

పేచీ మరోచోట ఉంది. 600 మందిలోంచి 60 మందిని ఒక్కొక్క చీటీ తీసి ఎంచుకుంటే, రాగల జట్లు లెక్కపెట్టలేనన్ని. ఈ పద్ధతిలో రాగల జట్లు పదే పది. 1, 11, 21 ఒక జట్టు, 2, 12, 22 ఇంకో జట్టు, అలా పది. 7వ పేరు, 8వ పేరు కలిసి ఒకే నమూనాలో ఎన్నడూ పడవు. చీటీ తీయడమంటే 60 మందిని ఎంచుకోవడం కాదు, ముందే కట్టి ఉంచిన పది జట్లలో ఒకదాన్ని ఎత్తుకోవడం. ఆ జట్లను కట్టింది చీటీ కాదు, జాబితా రాసిన మనిషి. అతను పేర్లను ఏ వరుసలో రాశాడన్నదాని మీదే జట్టు మంచిచెడ్డలు ఆధారపడతాయి.

అరవై సంఘాల జాబితా

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే గానీ, ఇలాంటి జాబితా ఏ మండల సమాఖ్యలోనైనా కనిపించేదే. 60 పొదుపు సంఘాలు, సంఘానికి పదిమంది, మొత్తం 600 మంది మహిళలు. సంఘం తర్వాత సంఘంగా పేర్లు రాశారు. ప్రతి సంఘంలోనూ ముందు మొదటి లీడరు పేరు, తర్వాత రెండో లీడరు, ఆ తర్వాత ఎనిమిది మంది సభ్యులు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: "పోయిన ఏడాది మీరు స్వయంగా బ్యాంకుకు వెళ్లారా?"

సంఘం తరఫున సంతకాలు పెట్టేది లీడర్లు కాబట్టి వాళ్లందరూ వెళ్లారనుకుందాం. మిగతా సభ్యుల్లో నూటికి 30 మంది వెళ్లారు. అప్పుడు అసలు జవాబెంత? పదిమందిలో ఇద్దరు లీడర్లు, ఎనిమిది మంది సభ్యుల్లో సగటున 2.4 మంది, కలిపితే 4.4. అంటే 44 శాతం.

ఇప్పుడు 60 మందిని ఎంచుకోవాలి, అంతరం 10. చీటీలో 1 వచ్చిందా, 1, 11, 21 అంటూ 60 సంఘాల మొదటి లీడర్లే చేతిలో పడతారు. జవాబు 100 శాతం. 2 వస్తే రెండో లీడర్లు, మళ్లీ 100 శాతం. 3 నుంచి 10 దాకా ఏది వచ్చినా నమూనాలో ఒక్క లీడరూ ఉండదు, జవాబు 30 శాతం చుట్టుపక్కల తేలుతుంది. పది చీటీల ఫలితాలనూ కలిపి సగటు తీస్తే కచ్చితంగా 44 వస్తుంది. అందుకే పుస్తకం భాషలో ఈ పద్ధతికి పక్షపాతం లేదు. కానీ సర్వే చేసేవాళ్లు తీసేది ఒక్క చీటీనే. ఆ పదింటిలో ఏది వచ్చినా 44 దరిదాపుల్లోకి రాదు.

ఇంతకంటే ప్రమాదకరమైన సంగతి పొరపాటు పరిమితి దగ్గర ఉంది. సర్వే నివేదికల్లో శాతం పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని ఇంకో అంకె ఇస్తారు. 60 మంది నమూనాలో 30 శాతం వస్తే మామూలు సూత్రం ప్రకారం ఆ అంకె దాదాపు 12. అంటే అసలు విలువ 18కీ 42కీ మధ్య ఉండే అవకాశం నూటికి 95 అని నివేదిక చెబుతుంది. అసలు విలువ 44, అది ఆ హద్దుకు బయటే ఉంది. లీడర్ల జట్టు చేతికొస్తే మరీ అన్యాయం. అందరూ అవునన్నారు కాబట్టి తేడా లేదు, తేడా లేదు కాబట్టి పొరపాటు సున్నా అని సూత్రం లెక్కగడుతుంది. తప్పు ఎంత పెద్దదైతే ధీమా అంత ఎక్కువగా కనిపిస్తుందన్నమాట.

దీనికి కారణం, ఆ సూత్రం నమూనా లోపలి మనుషుల మధ్య తేడాలనే చూస్తుంది. ఇక్కడ అసలు తేడా ఉన్నది జట్టుకూ జట్టుకూ మధ్య. చేతిలో ఒకే జట్టు ఉన్నప్పుడు మిగతా తొమ్మిది ఎలా ఉన్నాయో అది చెప్పలేదు. విలియం మేడో, లిలియన్ మేడో 1944లో ఈ పద్ధతి సిద్ధాంతాన్ని గణితంగా నిలబెట్టినప్పటి నుంచీ గణాంకవేత్తలకు ఇది తెలిసిన సంగతే. ఒకే ఆరంభంతో తీసిన నమూనా తన పొరపాటు ఎంతో తానే నమ్మకంగా చెప్పుకోలేదు.

వరుస ఎక్కడ ఉంటుంది, ఎక్కడ ఉండదు

ఇలా తిరిగి తిరిగి వచ్చే వరుసను ఆవర్తనం అంటారు. ప్రతి జాబితాలోనూ అది ఉంటుందనుకోవడం పొరపాటు. మన ఓటర్ల జాబితానే చూడండి. పేజీకి 30 పేర్ల గళ్లు, మూడు నిలువు వరుసల్లో అచ్చవుతాయి. అంతరం 30 పెట్టుకుంటే ప్రతి పేజీలోనూ దాదాపు అదే గడి వస్తుంది. అయినా పెద్ద నష్టమేమీ జరగదు. పేర్లు ఇంటి నంబర్ల వరుసలో సాగుతూ పోతాయి, ఒక కుటుంబం ఈ పేజీ చివర మొదలై తర్వాతి పేజీలోకి పోతుంది. ఇంటికి ఇద్దరు, ఐదుగురు, ముగ్గురు అంటూ సంఖ్య మారుతుంటుంది. పేజీలో గడికీ, అందులో పడే మనిషి స్థితికీ సంబంధం లేనప్పుడు గడి ఒకటే అయినా మనుషులు రకరకాలుగానే వస్తారు.

చిక్కు రావాలంటే రెండూ కలవాలి. జాబితాలో స్థానానికీ అడిగే విషయానికీ సంబంధం ఉండాలి. ఆ స్థానం సమానమైన దూరంలో మళ్లీ మళ్లీ రావాలి. ఈ సమానత్వం ఎక్కువగా మనుషులు కట్టిన చోటే కనిపిస్తుంది. అంతస్తుకు నాలుగు ఫ్లాట్ల చొప్పున కట్టిన అపార్టుమెంట్లలో అంతరం 8 పెడితే, ప్రతిసారీ మూల ఫ్లాటే వచ్చినా రావచ్చు. అద్దె, వైశాల్యం, గాలీ వెలుతురూ అన్నీ మూల ఫ్లాటుకు వేరుగా ఉంటాయి. ఏడు రోజులకోసారి రోడ్డు మీద బండ్లు లెక్కపెడితే ఏడాదంతా అదే వారం వస్తుంది. అది సంత రోజైతే లెక్క పెరుగుతుంది, సెలవు రోజైతే తరుగుతుంది. ప్రకృతిలో ఇది అరుదు, అసలు లేకపోలేదు. బ్రిటిష్ గణాంకవేత్త డి.జె. ఫిన్నీ 1950లో డెహ్రాడూన్ అడవిలో పట్టీల వారీగా కొలిచిన కలప లెక్కల్లో ఇలాంటి ఎగుడుదిగుళ్ల గురించి రాశారు.

అంతరం సరిగ్గా ఆవర్తనంతో సమానం కానక్కర్లేదు. పది పేర్ల వరుస ఉన్న మన పొదుపు సంఘాల జాబితాలో అంతరం 15 పెట్టి చూడండి. 1తో మొదలుపెడితే 1, 16, 31, 46 వస్తాయి. సంఘంలో స్థానాల ప్రకారం అవి 1, 6, 1, 6. నమూనాలో సగం మంది లీడర్లే! జాబితాలో చూస్తే వాళ్లు ఐదో వంతు మాత్రమే. 3తో మొదలుపెడితే 3, 8, 3, 8, ఒక్క లీడరూ లేదు. బడిలో నేర్చుకున్న గ.సా.భా. ఇక్కడ పనికొస్తుంది. 10కీ 15కీ గ.సా.భా. 5 కాబట్టి పది స్థానాల్లో రెండే నమూనాలోకి వస్తాయి. అదే అంతరం 11 అయితే గ.సా.భా. 1, పది స్థానాలూ వంతులవారీగా వస్తాయి. 1తో మొదలుపెట్టి 595 దాకా 55 పేర్లు తీస్తే అందులో 12 మంది లీడర్లు, జవాబు దాదాపు 45 శాతం. అంతరం ఒక్కటి మారితే ఇంత తేడా.

కాగితానికి ఐదు రూపాలు

1940 నాటి కాగితంలో చిక్కు సరిగ్గా ఇదే. నలభై గీతల కాగితంలో ఇరవయ్యో మనిషి ఇరవయ్యో మనిషిగా తీస్తే దేశమంతటా ప్రతి కాగితం మీదా అవే రెండు గీతలు వస్తాయి. 1తో మొదలైతే 1, 21 గీతలే. కుటుంబాన్ని రాసేటప్పుడు ముందు ఇంటి యజమాని, తర్వాత భార్య, పిల్లలు, ఆపైన బంధువులు, అద్దెకున్నవాళ్లు అనే క్రమం తప్పదు. కొత్త ప్రాంతం కొత్త కాగితంతో మొదలైన చోటల్లా మొదటి గీత మీద పడేది ఇంటి యజమానే, అదీ చాలాసార్లు వీధి మూలమీది ఇంటి యజమాని. ఆ గీతనే నమూనాగా పెడితే పెద్ద వయసు మగవాళ్లు, సంపాదనపరులు లెక్కకు మించి వస్తారు. పిల్లలు తగ్గిపోతారు. కాగితం అడుగు గీతలకు ఇంకో అవస్థ, ప్రాంతం పూర్తయ్యాక అవి ఖాళీగా మిగిలిపోతుంటాయి. కాగితం నడిమి గీతల దగ్గరికి వచ్చేసరికి కుటుంబాల పరిమాణం రకరకాలుగా ఉండటం వల్ల ఈ క్రమం కలగాపులగమై, ఎవరైనా ఎక్కడైనా పడే స్థితి వస్తుంది.

పై గీతలు పనికిరావని వదిలేద్దామంటే అదీ కుదరదు. వదిలేస్తే ఆ గీతల మీద పడే యజమానులకు నమూనాలో చోటు దక్కదు, ఈసారి లెక్క అటువైపు ఒరుగుతుంది. ఆ గణాంకవేత్తలు ఎంచుకున్న దారి చక్కగా ఉంది. కాగితాన్ని ఐదు రూపాల్లో అచ్చువేయించారు. ప్రతి 20 కాగితాల్లో 16 ఒక రకం, వాటి మొదటి వైపు నమూనా గీతలు 14, 29. మిగతా నాలుగు రకాలు ఇరవైకి ఒక్కొక్కటి. వాటిలో ఒకదానికి 1, 5 గీతలు, ఇంకోదానికి 2, 6, మూడోదానికి 3, 39, నాలుగోదానికి 4, 40.

లెక్క సరిచూడండి. తేడాగా ప్రవర్తించే గీతలు ఎనిమిది: పైన 1 నుంచి 6, అడుగున 39, 40. ఒక్కోటీ ఇరవై కాగితాల్లో ఒకసారే నమూనా గీత అవుతుంది. అంటే వాటికి దక్కాల్సిన ఇరవయ్యో వంతు సరిగ్గా దక్కింది. మిగిలిన 32 గీతలూ ఒకేలా ప్రవర్తించేవి. వాటన్నిటి తరఫున 14, 29 గీతలు పదహారు కాగితాల్లో నిలబడ్డాయి. పదహారు రెళ్లు 32. ఏ గీతకు ఎంత వాటా రావాలో అంతే వచ్చింది. ఎన్యూమరేటరు చేయాల్సిన పని ఏమాత్రం పెరగలేదు, గుర్తున్న గీత దగ్గర అదనపు ప్రశ్నలు అడిగితే సరి.

ముందుగా ఎలా పట్టుకోవాలి

జాబితా ఎవరు రాశారు, ఏ క్రమంలో రాశారు అని అడగడం మొదటి పని. రాసినవాళ్లకు ఆ క్రమం కొట్టినపిండి, అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు. పొదుపు సంఘాల జాబితా అయితే గ్రామ సంఘం లెక్కలు రాసే అమ్మాయే "ముందు లీడర్లను రాస్తామండీ" అంటుంది. రెండో పని, జాబితాలో ఓ నాలుగైదు పేజీలు తిప్పి హోదా, వయసు, మగా ఆడా, ఇంటి నంబరు వంటి వివరాలు సమాన దూరంలో మళ్లీ మళ్లీ వస్తున్నాయేమో వేలు పెట్టి చూడటం.

వరుస కనిపిస్తే, లీడర్లను వేరే జాబితాగా, సభ్యులను వేరే జాబితాగా విడదీయడం అన్నిటికంటే మేలు. 120 మంది లీడర్ల నుంచి 12 మందిని, 480 మంది సభ్యుల నుంచి 48 మందిని తీసుకుంటే ఏ చీటీ వచ్చినా లీడర్ల వాటా ఐదో వంతే ఉంటుంది. కంప్యూటరులో జాబితాను పూర్తిగా కలిపేసి తీయడం ఇంకో దారి. అయితే అలా చేస్తే అన్ని ఊళ్లకూ నమూనా సమంగా పరుచుకునే లాభం పోతుంది.

వరుస ఉందో లేదో తేలని జాబితాకు ఒకటికి మించిన ఆరంభాలు పెట్టాలి. అంతరం పదికి బదులు 60 పెట్టి, 1 నుంచి 60 లోపు ఆరు చీటీలు తీయాలి. 8, 15, 21, 34, 47, 59 వచ్చాయనుకుందాం. ఒక్కో చీటీకి పదిమంది, మొత్తం ఆ 60 మందే. సంఘంలో వీళ్ల స్థానాలు 8, 5, 1, 4, 7, 9. ఐదు జట్లలో పదికి ముగ్గురు చొప్పున బ్యాంకుకు వెళ్లామంటారు. 21తో మొదలైన జట్టులో పదికి పదిమందీ వెళ్లామంటారు. మొత్తం మీద సగటు 42 శాతం, అసలైన 44కు దగ్గరే. అంతకంటే విలువైనది, ఆరింటిలో ఒకటి ఇంత దూరంగా నిలబడటం. జాబితాలో ఏదో వరుస ఉందని ఆ తేడాయే పట్టిస్తుంది. ఆరు జట్ల మధ్య తేడా నుంచి లెక్కగట్టే పొరపాటు పరిమితి పెద్దగానే వస్తుంది గానీ, ఉన్నదున్నట్టు చెబుతుంది. ఒకే సర్వేను చిన్న చిన్న స్వతంత్ర నమూనాలుగా చేసి పోల్చిచూడాలన్నది ప్రశాంత చంద్ర మహలనోబిస్ బెంగాల్ పంటల సర్వేల్లో పట్టుబట్టి అమలు చేసిన ఆలోచన. ఆ పునాది మన దేశపు జాతీయ నమూనా సర్వేలోకీ వచ్చింది.

జిల్లాలో, మండలంలో, కాలేజీ ప్రాజెక్టులో సర్వే చేసేవాళ్లు నివేదికలో మూడు సంగతులు తప్పకుండా రాయాలి: జాబితా ఏ క్రమంలో ఉంది, అంతరం ఎంత, ఆరంభాలు ఎన్ని. "యాదృచ్ఛికంగా ఎంపిక చేశాం" అన్న ఒక్క వాక్యం సరిపోదు, చీటీ తీసి మొదలుపెట్టిన లీడర్ల జట్టు కూడా యాదృచ్ఛికంగా వచ్చిందే. చదివేవాళ్లు కూడా ముందు ఆ మూడింటినీ వెతకాలి. అవి లేని నివేదికలో ప్లస్ ఆర్ మైనస్ అంకెను లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.